కార్డు నిండనివ్వకండి: అంగడి యజమానులకు కొన్ని అమూల్య సలహాలు

సోమలలో సూపర్‌మార్కెట్ పెట్టినవాళ్లకు, పెట్టబోయేవాళ్లకు, పెట్టి చేతులు కాల్చుకున్నవాళ్లకు పనికొస్తాయని ఈ సలహాలు రాస్తున్నాను. నాకేం అర్హత ఉందంటారా? బెంగళూరులో నాలుగేళ్లున్నాను. అక్కడ ఏం చేశానన్నది ఇక్కడ అనవసరం. ఫోనులో రీళ్లు తీస్తాను. మా చిన్నాయనకు ఊళ్లో అంగడి ఉంది. మూడేళ్ల కిందట దానికి అద్దాల తలుపు పెట్టి, సామాన్లు అరల్లో పేర్చి, బోర్డు మీద 'సూపర్‌మార్కెట్' అని రాయించాడు. జనం మాత్రం ఇప్పటికీ అంగడి అనే అంటారు.

పథకం మీకు తెలిసిందే. ఒక అట్టకార్డు, దాని మీద గళ్లు. కొన్నప్పుడల్లా ఒక గడిలో రబ్బరు ముద్ర. గళ్లన్నీ నిండితే ఒక వస్తువు ఉచితం. నెలసరుకు కోసం పుంగనూరుకో మదనపల్లెకో బస్సెక్కే ఇల్లాలు, ఈ కార్డు కోసమైనా ఊళ్లోనే కొంటుందని ఆశ. ఈ సంగతి జనానికి చెప్పడానికి ఒక రీలు. పథకం చాలా తేలిక. తేలికైనదాన్ని తేలిగ్గా వదిలేస్తే ఇంక నాలాంటివాళ్లు ఎందుకు?

మొదటి సలహా, మిగతా సలహాలన్నిటికీ తల్లివేరు: కార్డు నిండకూడదు. నిండిన కార్డు మీకు ఖర్చు, నిండని కార్డు మీకు లాభం. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే వస్తాయి. ఇదే మాట మా చిన్నాయనకు చెబితే, "నిండకపోతే వాళ్లు మళ్లా ఎందుకొస్తారురా?" అన్నాడు. నిండుతుందన్న ఆశతో వస్తారన్నాను. "ఆ ఆశ ఎన్నాళ్లుంటాదిరా?" అని, తక్కెట్లో చెనిక్కాయలు తూచి, ముల్లు సరిపోయినాక ఇంకో గుప్పెడు పైన వేసి పొట్లం కట్టాడు. ఆ గుప్పెడు పేరు కొసరు. లెక్కలో రాదు, బిల్లులో ఉండదు, అయినా అడిగేవాళ్లు అడుగుతారు, ఇచ్చేవాళ్లు ఇస్తారు. ప్యాకెట్ సరుకు వచ్చాక కొసరుకు చోటు పోయింది. ప్యాకెట్ కోసి గుప్పెడు కలపలేరు కదా. ముద్రల కార్డంటే పోయిన ఆ కొసరును పది వాయిదాల్లో తిరిగివ్వడమేనని చిన్నాయన వాదన. పాతకాలం మనిషి, ఆయన మాట పట్టించుకోకండి.

ఇక ముద్రకు ఎంత కొనాలన్న ప్రశ్న. గుండ్రంగా వెయ్యి రూపాయలు పెట్టండి. పన్నెండు గళ్లు, ముప్పై రోజుల గడువు. అంటే నెలకు పన్నెండు వేల సరుకు కొన్న ఇంటికి ఒక ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా. వెయ్యి అన్న అంకె రీల్లో పెద్ద అక్షరాలతో బాగా కనబడుతుంది, అదే ముఖ్యం.

ఇక్కడ చిన్నాయన చేసిన పిచ్చిపని చెప్పాలి. బిల్లుల యంత్రంలోంచి పోయిన నెల బిల్లులు తీయించి, ఒక రాత్రి కూర్చుని చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా పేర్చాడు. సరిగ్గా మధ్యలో ఉన్న బిల్లు చూస్తే రెండు వందల ఇరవై. సగటు తీయొచ్చు కదా అన్నాను. "పెళ్లిసరుకు బిల్లులు రెండుంటే సగటు ఎక్కడికో పోతాది. మామూలు మనిషి ఎంత కొంటాడో మధ్యబిల్లు చెబుతాది" అన్నాడు. ముద్రకు రెండు వందల యాభై అని పెట్టాడు. మామూలు మనిషి ఇరవై ముప్పై రూపాయల సామాను ఇంకొకటి తీసుకుంటే చాలు, ముద్ర పడుతుంది. ఒక సబ్బు, ఒక బిస్కెట్ ప్యాకెట్, అంతే. వెయ్యి అని పెడితే రెండు వందల ఇరవై కొనే మనిషి దాని వైపు కూడా చూడడట. నూరు అని పెడితే ఎప్పుడూ కొనేదానికే ముద్ర వేసి ఊరికే ఇచ్చినట్టవుతుందట.

ఆ తర్వాత బహుమతి లెక్క. ఇది వింటే మీకు పథకం మీదే విరక్తి కలుగుతుంది, అయినా చెబుతాను. కిరాణాలో నూటికి పది రూపాయలు మిగులుతుందనుకుందాం. కందిబేడలకు ఒక లెక్క, సబ్బులకు ఒక లెక్క, నూనెకు ఇంకా తక్కువ. మీ అంగడిలో ఎంతో మీరే చూసుకోవాలి. చిన్నాయన కార్డుకు కొని వేయించుకోవాల్సిన ముద్రలు ఎనిమిది. ఎనిమిది ముద్రలకు రెండు వేల కొనుగోలు, దాంట్లో మీకు మిగిలేది రెండు వందలు. బహుమతి మీకు అరవై రూపాయలకు పడిందనుకుంటే నూట నలభై మిగిలినట్టే కనబడుతుంది. అది ఉత్త కనబడడమే. ఆ ఇల్లు కార్డు లేకపోయినా రెండు వేలకు కొనేదే అయితే, అరవై రూపాయలు మీ జేబులోంచి ఊరికే పోయినట్టు. కార్డు వల్ల ఆ ఇల్లు అదనంగా ఆరు వందలకు కొన్నప్పుడే, ఆ ఆరు వందల మీద వచ్చే అరవై బహుమతికి సరిపోతుంది. ఏడో వంద నుంచి మీకు లాభం. పుంగనూరులో కొనే నూనె డబ్బా మీ అంగడికి మళ్లితే ఆ ఆరు వందలు అక్కడే అయిపోతాయి. మళ్లకపోతే పథకం దండగ.

ఇంత లెక్క రీలు తీసేవాడికెందుకు? బహుమతిగా మోటారు బైకు పెట్టి లక్కీ డ్రా అనండి. ఎవరికో ఒకరికి వస్తుంది, మిగతావాళ్లకు రాదు. రానివాళ్లు మళ్లీ రారు. లక్కీ డ్రా అంటే లాటరీ చట్టాల గొడవ కూడా తగులుకుంటుందని ఎవరైనా అంటే, వాళ్లకు దూరదృష్టి లేదని చెప్పండి. చిన్నాయనేమో మూడు సబ్బుల కట్ట ఇచ్చాడు. తనకు అరవైకి పడుతుంది, అట్ట మీద ధర అంతకంటే ఎక్కువ, ప్రతి ఇంట్లో వాడేదే. "ఆమెకు కనబడేది అట్ట మీది ధర. నాకు పడేది కొన్న ధర. డబ్బులు తగ్గించినామనుకో, ఇద్దరికీ అదే అంకె" అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన నోటి నుంచి వచ్చిన వ్యాపార సిద్ధాంతం ఇదొక్కటే.

ఇప్పుడు గళ్ల సంగతి. కార్డు చేతికిచ్చేటప్పుడు అన్ని గళ్లూ ఖాళీగా ఉండాలి. ఖాళీ కార్డు చూస్తే మనిషికి ఎండాకాలంలో బోయకొండ మెట్లను కింద నిలబడి చూసినట్టుండాలి. దీనికి విరుద్ధంగా అమెరికాలో ఇద్దరు ప్రొఫెసర్లు ఒక ప్రయోగం చేశారు. జోసెఫ్ న్యూన్స్, జేవియర్ డ్రెజ్ అని. 2006లో అచ్చయింది. కార్లు కడిగే చోట మూడు వందల కార్డులు పంచారు. సగం కార్డుల్లో ఎనిమిది గళ్లు, అన్నీ ఖాళీ. మిగతా సగంలో పది గళ్లు, కానీ రెండు ముందే వేసి ఇచ్చారు. రెండు రకాల్లోనూ కారు ఎనిమిదిసార్లే కడిగించుకోవాలి, తేడా పైసా కూడా లేదు. అయినా ఖాళీ కార్డులవాళ్లలో నూటికి పంతొమ్మిది మంది పూర్తి చేస్తే, రెండు ముద్రలతో మొదలైనవాళ్లలో ముప్పై నాలుగు మంది పూర్తి చేశారు. పని మొదలైపోయిందనిపిస్తే మనిషి దాన్ని మధ్యలో వదలడానికి ఇష్టపడడు. అదే ఏడాది కొలంబియా విశ్వవిద్యాలయం దగ్గర కాఫీ కార్డుల మీద రాన్ కివెట్జ్ బృందం చేసిన పరిశీలనలో ఇంకొకటి తేలింది. చివరి గళ్లు దగ్గరపడేకొద్దీ జనం త్వరత్వరగా వస్తారు. బహుమతి తీసుకుని కొత్త కార్డు మొదలుపెట్టగానే మళ్లీ నెమ్మదిస్తారు.

చూశారా ఎంత ప్రమాదమో! కాబట్టి ఖాళీ కార్డే ఇవ్వండి. నిండిన కార్డు తీసుకుని సబ్బులిచ్చాక, కొత్త కార్డు అడిగితే "రేపు రండి" అనండి. చిన్నాయనకు ఈ ప్రయోగం సంగతి నేనే చెప్పాను, అదే నా తప్పు. ఆయన పది గళ్ల కార్డు వేయించి, రెండింటిలో తనే ముద్ర వేసి ఇవ్వడం మొదలుపెట్టాడు. బహుమతి ఇచ్చే చేత్తోనే కొత్త కార్డు, దాని మీద మళ్లీ రెండు ముద్రలు. "ఇది కూడా కొసరేరా" అన్నాడు. అమెరికా ప్రొఫెసర్లు కనిపెట్టినది తన తక్కెడకు ముందే తెలుసన్నట్టు ముఖం పెట్టాడు.

గడువు విషయంలో నా మాట వినండి. ముప్పై రోజులే. ముప్పై ఒకటో రోజు వస్తే ముద్రలన్నీ రద్దు. సోమల చుట్టుపక్కల పల్లెల్లో డబ్బులు ఎట్లా వస్తాయో నాకు తెలియక కాదు. పాలు పోసే ఇంటికి పది పదిహేను రోజులకొకసారి పాల బిల్లు వస్తుంది. టమోటా వేసినవాళ్లకు మదనపల్లె మార్కెట్‌లో ధర పలికితే డబ్బు, లేకపోతే కోత కూలి కూడా రాదు. 2023 జులైలో అదే మార్కెట్‌లో కిలో టమోటా రెండు వందల దాకా పోయింది, వేరే నెలల్లో రోడ్డు పక్కన పారబోసిన టమోటాలనూ చూసినవాళ్లమే. కోడలు పని మీద బెంగళూరు పోయిన ఇంట్లో నెలకొకసారి ఫోనుకు డబ్బు వస్తుంది. ఇట్లాంటి ఊళ్లో మంచి నెలా చెడ్డ నెలా ఒకటి కాదు. అందుకే ముప్పై రోజులు పెడితే చాలామందికి ఐదో ముద్ర దగ్గర గడువు తీరుతుంది. అది మనకు మంచిదే కదా.

చిన్నాయన నాలుగు నెలలు పెట్టాడు. అడిగితే, "టమోటా చెట్టు నాటినకాడ్నుంచి కాయ కోసి డబ్బు చేతికొచ్చేదాకా ఎన్ని నెలలురా?" అని ఎదురడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు నా ఫోనులో లేదు. గడువు అసలు పెట్టకపోవడం కూడా తప్పేనట. మూడేళ్ల తర్వాత ఎవరో మడతలు పడిన కార్డు పట్టుకొచ్చి సబ్బులడిగితే ఇవ్వాల్సి వస్తుందట. అప్పటికి సబ్బు ధర ఎంతుంటుందో!

అరువు ఖాతాదారులకు ముద్ర వేయొద్దని మొహం మీదే చెప్పండి. 'అరువు రేపు' అని బోర్డు పెట్టుకున్నవాళ్లే కదా మీరంతా. ఊళ్లో సగం మంది పద్దు పుస్తకంలోనే ఉంటారు, వాళ్లను అవమానిస్తే మిగతా సగం వింటారు. చిన్నాయన అక్కడ కూడా తన తిక్క చూపించాడు. సరుకు తీసుకున్న రోజు కాక, బాకీ కట్టిన రోజు ముద్ర వేస్తానన్నాడు. కట్టిన ప్రతి రెండు వందల యాభైకి ఒక ముద్ర. పాల బిల్లు వచ్చిన రోజున వెయ్యి కట్టిన ఆమెకు వరసగా నాలుగు ముద్రలు పడ్డాయి. పోయిన ఏడాదైతే ఆ వెయ్యి మూడు వాయిదాల్లో వచ్చేది. ఇది అరువు వసూలుకు వాడాల్సిన పథకం కాదని నేను గట్టిగా చెప్పాను. ఆయన ముద్ర వేస్తూనే ఉన్నాడు.

కార్డు తయారీలో మాత్రం నేను నా పంతం నెగ్గించుకున్నాను. మంచి మెరుపు లామినేషన్ రెండు వైపులా, రెండు వేల కార్డులు, పుంగనూరులో అచ్చు వేయించాను. ఎక్కువ వేయిస్తే ధర తగ్గుతుంది కదా. మెరుపు కాగితం మీద రబ్బరు ముద్ర సిరా ఆరదు. వేలు తగిలితే చెరిగిపోతుంది, జేబులో చెమటకు అలుక్కుపోతుంది. ముద్ర ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. గొడవ వస్తే మీదే పైచేయి. ముద్ర కూడా సాదాగా ఉండాలి, ఒక నక్షత్రమో, 'చెల్లింది' అన్న మాటో. స్టేషనరీ అంగళ్లలో దొరికే ముద్రే కావాలి. ఊళ్లో పిలకాయలు అలాంటిదే కొని, ఒక మధ్యాహ్నం కూర్చుని ఐదు కార్డులు నింపితే, అప్పుడు పథకాన్నే ఎత్తేసే అవకాశం దొరుకుతుంది.

చిన్నాయన ఏం చేశాడంటే, లామినేషన్ లేని గరుకు అట్ట మీద రెండు వందల కార్డులు విడిగా వేయించాడు. ప్రతి కార్డుకూ వరస నెంబరు. తేదీ మార్చుకునే ముద్ర ఒకటి కొన్నాడు. గడిలో ముద్ర పడితే ఆ రోజు తేదీ కూడా పడుతుంది, దాని పక్కన గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాళ్ల పొట్టి సంతకం. కార్డు మీద ఒకే రోజు తేదీలు మూడు కనబడితే ఆ రోజు బిల్లు చూపించమంటాడు. ముద్ర రాత్రికి గల్లాపెట్టెలోకి పోతుంది, బల్ల మీద ఉండదు. ఒక అట్టపెట్టెలో కార్డులను ఇంటిపేర్ల వరసన పెట్టి తన దగ్గరే ఉంచుకుంటాడు. సరుకుకు పిలకాయలను పంపేవాళ్లు ఎక్కువ, కార్డు వాళ్ల చేతికిస్తే దారిలో పోతుంది. "కార్డు మాతోనే ఉంటాది, ఇంటిపేరు చెప్తే చాలు" అంటాడు. పక్కింటి ముసలమ్మ ఇంటిపేరు చెప్పి వేరే పిలగాడు ముద్ర వేయించుకున్నాడని ఒకసారి గొడవైంది. అప్పటి నుంచి పేరుతో పాటు ఫోను నెంబరులోని చివరి రెండంకెలు కూడా అడుగుతున్నాడు. ఇంత తలనొప్పి ఎందుకండీ.

ఇక రీలు. నా అసలు విద్య ఇక్కడ ఉంది.

తొంభై సెకన్లు తీయండి. డ్రోను అద్దెకు తెచ్చి ఆకాశం నుంచి మొదలుపెట్టండి. కొండలు, మామిడి తోటలు, మంచు. తర్వాత పుంగనూరు ఆవు ఒకటి నడుచుకుంటూ రావాలి. పొట్టి ఆవు, దేశమంతా పేరున్న ఆవు, అంగడికి దానికి సంబంధం లేకపోయినా పరవాలేదు. బోయకొండ గంగమ్మ గుడి, మదనపల్లె టమోటా మార్కెట్, లారీలు, ఒక ముసలాయన నవ్వు. అరవయ్యో సెకనుకు అంగడి అద్దాల తలుపు నెమ్మదిగా తెరుచుకోవాలి. ఎనభై నాలుగో సెకనుకు, 'షరతులు వర్తిస్తాయి' అన్న మాటతో పాటు పథకం చెప్పండి. అప్పటికి చూసేవాళ్లు మూడు రీళ్లు దాటి పోయి ఉంటారు. చూడనివాళ్లు కార్డు అడగరు కదా.

గొంతు బెంగళూరు మనిషిది కావాలి. 'విజిట్ చేయండి', 'షాపింగ్ ఎక్స్‌పీరియన్స్', 'రివార్డ్స్' లాంటి మాటలు ఉండాలి. ఎర్రగడ్డలు, కందిబేడలు, చెనిక్కాయ నూనె అన్న మాటలు పొరపాటున కూడా రాకూడదు. నేపథ్యంలో కొత్త సినిమా పాట పెట్టండి. వ్యాపార ఖాతాలకు ఇన్‌స్టాగ్రామ్‌లో సినిమా పాటలు చాలావరకు దొరకవు, దొంగచాటుగా వేరే ఖాతాలోంచి కలిపితే శబ్దం తీసేసే ప్రమాదం ఉంది. తీసేస్తే రీలు మూగదవుతుంది, అప్పుడు కింద రాసిన అక్షరాలే చదవాలి. ఆ అక్షరాలు తెరకు అట్టడుగున పెట్టండి. అక్కడే ఖాతా పేరు, వివరణ వచ్చి పడతాయి, కుడి పక్కన గుండె గుర్తు, కామెంటు గుర్తు కప్పేస్తాయి. 'రూ. 250కి ఒక ముద్ర' అన్న వాక్యంలో '250' మీద గుండె గుర్తు సరిగ్గా కూర్చుంటే నా పని ఫలించినట్టు.

మా వదిన దగ్గర ఫోను తప్ప ఏమీ లేదు. ఆమె ఒక మధ్యాహ్నం, అంగట్లో గిరాకీ లేని వేళ, ఇరవై రెండు సెకన్ల రీలు తీసింది. ఫోను నిలువుగా పట్టుకుంది. మొదటి దృశ్యంలో కార్డు మీద ముద్ర పడుతుంది, ఠప్‌మని చప్పుడు, అంతే. చప్పుడు విని చూసేవాడి వేలు ఆగుతుందని ఆమె అంచనా. రెండో దృశ్యంలో కార్డు దగ్గరగా, రెండు గళ్లు ముందే నిండి కనబడతాయి. మూడోది బిల్లు కాగితం, దాని మీద మొత్తం దగ్గర వేలు. నాలుగోది సబ్బుల కట్టను ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఇవ్వడం. చివరిది అంగడి ముందు భాగం, పక్కనున్న వేపచెట్టుతో సహా, ఆ చెట్టు చూస్తే ఊళ్లోవాళ్లకు దారి చెప్పక్కర్లేదు. మాటలు చిన్నాయనవే: "రెండు వందల యాభైకి సామాన్లు కొంటే ఒక ముద్ర. పది ముద్రలకు మూడు సబ్బులు ఉచితం. రెండు ముద్రలు మేమే వేసిస్తాం. నాలుగు నెలల్లో నింపుకోండి. అరువు కట్టినా ముద్ర ఉండాది." అవే మాటలను అక్షరాల్లో తెర మధ్యలో పెట్టింది. పాట లేదు. వెనక రిఫ్రిజిరేటర్ మూలుగు వినబడుతోందని నేను అభ్యంతరం చెబితే, "నువ్వుండు నాయనా, అంగట్లో ఫ్రిజ్జు ఉండాదని తెలిస్తే పెరుగు కూడా కొంటారు" అంది.

రీలు పెట్టి వదిలేయలేదు. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది, పాల కేంద్రం దగ్గర ఇద్దరికి పంపింది, బడి పిల్లల తల్లుల గుంపులో వేసింది. ఇన్‌స్టాగ్రామ్‌లో చోటు పేరు సోమల అని పెట్టింది. నేను చోటు పేరు 'ఇండియా' అని పెట్టమన్నాను, ఎక్కువ మంది చూస్తారని.

ఇంకొక సలహా, షరతుల గురించి. షరతులను ఇంగ్లీషులో, చీమ తల అంత అక్షరాల్లో, అర సెకను పాటు చూపించండి. నూనె డబ్బాలకు ముద్ర లేదు, చక్కెరకు లేదు, బియ్యానికి లేదు, ఆదివారం లేదు. మాట్లాడే భాష తెలుగు, షరతుల భాష ఇంగ్లీషు. అయితే 2022 జూన్‌లో వినియోగదారుల రక్షణ అథారిటీ తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. ప్రకటన ఏ భాషలో ఉంటే షరతు కూడా ఆ భాషలోనే, అదే అక్షరాల్లో ఉండాలంది. పెద్ద అక్షరాల్లో చెప్పినదాన్ని చిన్న అక్షరాలు కాదనకూడదు. 'ఉచితం' అన్నప్పుడు ఆ ఉచితం కోసం కొనేవాడు ఏం చేయాలో స్పష్టంగా చెప్పాలి. సోమలలో కిరాణా రీలును ఢిల్లీలో ఎవరు చూస్తారని మీకు ధైర్యం చెప్పేవాణ్ణి నేనే. కానీ బియ్యం కొని ముద్ర అడిగితే లేదనిపించుకున్న ఆమె, ఆ సంగతి ఢిల్లీకి రాయదు, పాలు పోసే చోట పది మందికి చెబుతుంది. ఢిల్లీ కంటే పాలకేంద్రం దగ్గర. చిన్నాయన పెట్టిన మినహాయింపు ఒక్కటే, సిగరెట్లు, బీడీలు. దాన్ని కార్డు మీద పెద్ద అక్షరాలతో తెలుగులో అచ్చు వేయించాడు.

పథకం నడిచిందో లేదో ఎట్లా తెలుసుకోవాలి? చూసినవాళ్ల లెక్క చూడండి. నా డ్రోను రీలును పదకొండు వేల మంది చూశారు. వాళ్లు ఎక్కడెక్కడివాళ్లో చూస్తే లక్నో, ఇండోర్, నాగపూర్. ఆవును చూసి వచ్చినవాళ్లు. కామెంట్లన్నీ ఆవు ఎంతకు దొరుకుతుందనే. వదిన రీలును నాలుగు వందల పన్నెండు మంది చూశారు. ఏ కొలత చూసినా గెలుపు నాదే.

చిన్నాయన కొలత వేరే. ఆయన అట్టపెట్టె తెరిచి కార్డులు లెక్కపెడతాడు. ముందే వేసిన రెండు కాక ఇంకేమీ పడనివి ఒక కుప్ప, ఇంకో ఒకటి రెండు పడినవి ఒక కుప్ప, ఐదు దాటినవి ఒక కుప్ప. ఒక్క ముద్రతో ఆగిపోయిన కార్డులు ఎక్కువుంటే, ముద్ర వేసే మొత్తం ఎక్కువై ఉండాలి, లేకపోతే గల్లా దగ్గర కూర్చునే పిలగాడు కార్డు అడగడం మరిచిపోతూ ఉండాలి. మొదటివారం సరిగ్గా అదే జరిగింది. రీలు చూసి కార్డు తీసుకున్నవాళ్లు రెండోసారి వచ్చినప్పుడు పిలగాడు ముద్ర వేయలేదు, వాళ్లు అడగలేదు, మొహమాటం. దాంతో బిల్లు ఇచ్చేటప్పుడు "కార్డుందా అక్కా?" అనడం పిలగాడికి నేర్పాడు. తర్వాతి వారం రెండో ముద్ర పడిన కార్డులు పెరిగాయి. కార్డుల మీద తేదీలు ఉన్నాయి కాబట్టి ఇంకొకటి కూడా తెలిసింది. ఏడో ముద్రకు ఎనిమిదో ముద్రకు మధ్య రోజులు, మూడో నాలుగో ముద్రల మధ్య రోజుల కంటే తక్కువ. కొలంబియాలో కాఫీ తాగేవాళ్లు చేసినట్టే. నేను దాన్ని కాకతాళీయం అన్నాను.

అన్నిటికంటే ముఖ్యమైన లెక్క మాత్రం ఆయన వేళ్ల మీదే వేశాడు. నిండిన కార్డుల్లో పద్దెనిమిది ఇళ్లను తీసుకుని, కార్డుకు ముందు రెండు నెలల్లో వాళ్లు కొన్నదెంత, తర్వాత రెండు నెలల్లో కొన్నదెంత అని పద్దు పుస్తకాలు, బిల్లులు తిరగేశాడు. పదకొండు ఇళ్లు ముందు కొన్నట్టే కొన్నాయి. వాటికిచ్చిన సబ్బులు ఊరికే పోయాయి. ఏడు ఇళ్లు నూనె, బియ్యం కూడా ఇక్కడే కొనడం మొదలుపెట్టాయి. ఆ ఏడు ఇళ్ల మీద వచ్చినది పద్దెనిమిది కట్టల సబ్బులకు సరిపోయి, కొంచెం మిగిలింది. ఎంత మిగిలిందని అడిగితే చెప్పలేదు. "నీ డ్రోను అద్దెకైనంత కాదులే" అన్నాడు.

నా లామినేషన్ కార్డులు రెండు వేలలో పంతొమ్మిది వందల డెబ్బై మా ఇంట్లోనే ఉన్నాయి. వాటి మీద పెన్ను కూడా ఆనదు, పద్దు రాసుకోవడానికీ పనికిరావు. నీళ్లు మాత్రం పీల్చవు, ఎర్రగడ్డల గంపల కింద వేసుకోవచ్చు. పై సలహాలు నచ్చిన అంగడి యజమానులెవరైనా ఉంటే వచ్చి తీసుకుపోగలరు. తీసుకుపోయినవాళ్లకు కొసరుగా డ్రోను రీలు ఉచితం.